చెరువు పుస్తకం చూపించే ముందు: ఒక పోర్ట్‌ఫోలియో డైరీ

సోమవారం

హైదరాబాద్‌లోని ఒక కంపెనీ వచ్చే వారం వీడియో కాల్‌లో నా పోర్ట్‌ఫోలియో చూస్తానంది. ప్రొడక్ట్ డిజైనర్ ఉద్యోగం. మొత్తం 45 నిమిషాలు, చివరి 15 ప్రశ్నలకు. పలకరింపులు, స్క్రీన్ షేరింగ్ తంటాలు తీసేస్తే నాకు మిగిలేది 25 నిమిషాలు. అందులో ఏం చూపించాలో తేల్చుకోవడమే ఈరోజు పని.

భీమవరంలో కూర్చుని ఇన్నాళ్లూ చేసినవన్నీ ఒక ఫోల్డర్‌లోకి లాగాను. శుభలేఖలు, ఫ్లెక్సీలు, ఒక ఆసుపత్రి టోకెన్ బోర్డు, నరసాపురం లేసు అల్లే మహిళల బృందానికి చేసిన కేటలాగు, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె, చదువుకునే రోజుల్లో సొంతంగా చేసిన ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్, రొయ్యల రైతుల మేత లెక్క కోసం చేసిన చెరువు పుస్తకం యాప్.

చూడ్డానికి అన్నిటికంటే బాగుండేది ఫుడ్ డెలివరీ రీడిజైన్. ముందు తీసేసింది కూడా దాన్నే. ఆ పనిలో నాకు ఎవరూ అడ్డు చెప్పలేదు. డబ్బు లేదనలేదు, టైం లేదనలేదు, ఇది మా డెవలపర్ వల్ల కాదనలేదు. ఎవరూ ఏమీ అడ్డు చెప్పని పనిలో నిర్ణయాల గురించి అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏముంటుంది? ‘నాకు ఇలా బాగుందనిపించింది’ తప్ప. శుభలేఖల్లో నిర్ణయాలకు కొదవ లేదు కానీ అవి పెళ్లికొడుకు మేనత్తవి. లేసు కేటలాగులో ఫొటోలే మాట్లాడతాయి, నా పని తక్కువ.

అలా ప్రతిదాన్నీ ఒకే ప్రశ్న అడిగాను: ఇందులో నేను గట్టిగా ఆలోచించి వదిలేసింది ఏమైనా ఉందా, ఎందుకు వదిలానో చెప్పగలనా? చెరువు పుస్తకం, పూతరేకుల పెట్టె నిలబడ్డాయి. ఉద్యోగం మొబైల్ యాప్‌ది కాబట్టి చెరువు పుస్తకానికి 18 నిమిషాలు, పెట్టెకు 7. మూడోది పెట్టను. మూడు పెడితే మూడూ పైపైన పోతాయి.

పెట్టె ఎందుకంటే, స్క్రీన్ మీద కాకుండా వస్తువుతో కూడా తంటాలు పడ్డానని తెలియాలి. పూతరేకుల్లోని నెయ్యి అట్టలోకి దిగి బయటికి మరకగా తేలుతుంది. అందుకే లోపల నెయ్యి దిగని కాగితం వేయించి, బయట లేత రంగు మానేసి ముదురు రంగు పెట్టాం. ఇంకోటి, 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ ముద్ర పెట్టెమీద పెద్దగా వేయమని దుకాణం ఆయన పట్టుబట్టాడు. దాన్ని వాడుకునే హక్కు అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లకే ఉంటుంది. నమోదు కాగితం చేతికొచ్చేవరకు ఆ చోటు ఖాళీగా వదిలి, మొదటి విడత అలాగే అచ్చేయించాం. ఇది రెండు స్లైడ్లలో అయిపోతుంది.

మంగళవారం

డీలర్‌గారికి ఫోన్ చేశాను. చెరువు పుస్తకం చేయించింది ఉండి ఊరి వైపు మేత డీలర్ ఒకాయన. బయటి కంపెనీకి చూపించుకోవచ్చా అంటే, ‘చూపించుకోమ్మా, మా పేరూ రైతుల నంబర్లూ మాత్రం కనపడనీకు’ అన్నారు. ఆయన పేరు తీసేశాను. స్క్రీన్లలోని ఫోన్ నంబర్లు మసక చేయడంతో సరిపెట్టకుండా పూర్తిగా మార్చేశాను. మసక చేసినవి పెద్దది చేసి చూస్తే ఒక్కోసారి చదవడానికి వచ్చేస్తాయి.

తర్వాత కథ రాయడం మొదలుపెట్టాను. మామూలుగా అందరూ పెట్టే వరస ఒకటుంది: సమస్య, పరిశోధన, స్టిక్కీ నోట్ల ఫొటో, వైర్‌ఫ్రేములు, చివరి స్క్రీన్లు. అలా రాస్తే నాకే నిద్రొచ్చింది. ఈ పనిలో అసలు మలుపు ఒక ఫొటో దగ్గరుంది, అందుకని దాన్నే మొదటి స్లైడ్ చేశాను.

అది ఒక రైతు పాత డైరీలో పేజీ. రొయ్యల చెరువుకి రోజుకి నాలుగు పూటలు మేత వేస్తారు. ఆ పేజీలో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని నాలుగు గడులున్నాయి. నాలుగింటిలోనూ అంకెలు ఒకే పెన్నుతో, ఒకే వాటంగా, ఒకే నొక్కుతో ఉన్నాయి. అంటే నాలుగూ ఒక్కసారే రాసినవి, రాత్రి పడుకోబోయే ముందు. పక్కన చెక్ ట్రే గడి కూడా అంతే, వారం పొడవునా ‘బాగుంది’, ‘బాగుంది’, కింద డిట్టో గుర్తులు.

చెక్ ట్రే సంగతి ప్యానెల్‌కి చెప్పాలి, లేకపోతే మిగతాదేదీ అర్థం కాదు. నాలుగు మూలలా తాళ్లు కట్టిన వలపళ్లెం అది. మేత వేసేటప్పుడు అందులో కూడా కాస్త వేసి చెరువులోకి దింపుతారు. రొయ్య వయసును బట్టి గంటన్నర, రెండు గంటల తర్వాత పైకి లాగి చూస్తారు. ఖాళీ అయితే తింటున్నట్టు. మిగిలితే తర్వాతి పూట మేత తగ్గించాలి, లేదంటే మిగిలిన మేత అడుక్కి చేరి కుళ్లుతుంది, నీళ్లు పాడవుతాయి. పెంపకం ఖర్చులో పెద్ద వాటా మేతదే. కాబట్టి ట్రే చెప్పే కబురుకి విలువ ఉండేది దాన్ని లాగిన దగ్గర్నుంచి తర్వాతి మేత వేసేలోపే. రాత్రి రాసుకుంటే అది లెక్క మాత్రమే.

రెండో స్లైడ్: ఆ ట్రే లాగేది ఎవరు? డీలర్ నాకు పని అప్పజెప్పినప్పుడు ‘రైతు కోసం యాప్’ అన్నాడు. రైతు చాలావరకు ఊళ్లోనో టౌన్లోనో ఉంటాడు. గట్టు మీద పాకలో ఉండి మేత వేసేది, తెల్లవారుజామున ఆక్సిజన్ చూసేది, నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు వేసేది కాపలా కుర్రాడు. యాప్ ఆ కుర్రాడి చేతిలో ఉండాలి, కబురు రైతుకి వెళ్లాలి. ఈ ఒక్క మాట మీదనే మిగతా నిర్ణయాలన్నీ ఆధారపడ్డాయి. అందుకే ఈ రెండు స్లైడ్లకి నాలుగు నిమిషాలు కేటాయించాను.

బుధవారం

నిర్ణయాల స్లైడ్లు. ఒక్కో దానికీ మూడు ముక్కలు రాసుకున్నాను: ఏం చేశాం, ఏం వదిలేశాం, దేనివల్ల. వదిలేసిన దాని బొమ్మ కూడా పక్కనే పెట్టాను. దాచుకుంటే ప్యానెల్ వాళ్లే అడుగుతారు, అప్పుడు మాటల్లో వర్ణించాల్సి వస్తుంది.

మొదటిది, ట్రేలో ఎంత మిగిలిందో చెప్పడం. మొదట శాతం టైప్ చేయించాం. గట్టు మీద ట్రే లాగినవాడి చేతులు తడిగా ఉంటాయి. తడి వేలికి ఫోన్ తెర సరిగా పలకదు, 10 కొడితే 100 పడుతుంది. వదిలేసి, మూడు ట్రే బొమ్మలు పెట్టాం: ఖాళీ, కొంచెం మిగిలింది, చాలా మిగిలింది. ఆండ్రాయిడ్‌లో తెర మీది సైజుల్ని డీపీల్లో కొలుస్తారు, బటన్ కనీసం 48 డీపీ ఉండాలని గూగుల్ మార్గదర్శకాలు చెబుతాయి. అది పొడి వేలికి. మేం 72 పెట్టి, మధ్యలో ఖాళీ కూడా వదిలాం. స్వైప్ అనేది ఎక్కడా లేదు.

రెండోది, గొంతుతో చెప్పించడం. చదవడం రాయడం ఇబ్బందిగా ఉన్నవాళ్లకి ఇదే మేలని నేనూ అనుకున్నాను. గట్టు మీద రికార్డు చేసి విన్నాం. ఏరియేటర్ల హోరు తప్ప ఏమీ లేదు. అవి ఆపి చెప్పమనలేం, అవి ఆగితే రొయ్య బతకదు. ఆ రికార్డింగ్ ఆరు సెకన్లు స్లైడ్‌లో పెట్టాను. దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

మూడోది అందరికీ కాస్త ఇబ్బంది కలిగించేది. మొదటి స్క్రీన్లోనే ‘మేత ఆర్డర్’ బటన్ కావాలని డీలర్ అడిగాడు. డబ్బు పెట్టింది ఆయన. మేత ఆర్డరిచ్చేది మాత్రం కాపలా కుర్రాడు కాదు, రైతు. తడి వేలు తగిలి బస్తాలు ఆర్డరైపోతే గొడవ రైతుకీ డీలర్‌కీ మధ్యే పడుతుంది. ఈ మాట ఆయనకి సూటిగా చెప్పి, బటన్ని రైతు ఫోన్లోకి, మేత నిల్వ కనపడే చోటికి మార్చాం. ఆయన పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పను. ‘సరే, ఒక పంట చూద్దాం’ అన్నాడు. స్లైడ్‌లో కూడా అలాగే రాశాను.

నాలుగోదిగా సిగ్నల్ లేనప్పుడు ఫోన్లోనే దాచి తర్వాత పంపడం ఉంది. అది ఎక్కువగా డెవలపర్ పని. నేను చేసిందల్లా ‘పంపలేదు’, ‘పంపాం’ అనే రెండు గుర్తులు. అంతే చెప్తాను. ఎవరి పని ఎంతో ముందే చెప్పేస్తే ఆ ప్రశ్న మీద టైం పోదు.

శుక్రవారం

హైదరాబాద్‌లో డిజైన్ లీడ్‌గా ఉన్న మా సీనియర్ అక్కతో రాత్రి రిహార్సల్. కరెంటు పోయినా ఇన్వర్టర్ కాపాడింది. ‘మొహమాటం పడకుండా తిట్టక్కా’ అని ముందే చెప్పాను. ఆవిడకి ఆ మాట చెప్పనక్కర్లేదు.

మొదటి దెబ్బ: ‘స్క్రీన్లు ఫారం నింపినట్టున్నాయి. అంతా నలుపు, అంతా లావు. డిజైనర్ చేసినట్టు లేదు.’

ఇది ‘నాకు నచ్చలేదు’ అన్న మాటా, లేక ‘దీనివల్ల ఏదో చెడింది’ అన్న మాటా? ముందు అది తేలాలి. ‘ఏది ముఖ్యమో కళ్లకి అందట్లేదంటావా అక్కా, లేక చప్పగా ఉందంటావా?’ అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘ఏది ముఖ్యమో తెలుస్తోంది. చప్పగా ఉంది’ అంది. అయితే జవాబు వేరు. చిన్న అక్షరాలకి వెనక రంగుతో కనీసం 4.5:1 తేడా ఉండాలంటుంది, తెర మీదివి అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం. తెలుపు మీద `#767676` బూడిద రంగు దాన్ని అంచు మీద దాటుతుంది, 4.54. అదే రంగు మొదట వాడాం. మిట్టమధ్యాహ్నం గట్టు మీద, వెలుతురు తగ్గించిన చవక ఫోన్లో ఆ అక్షరాలు మాయమైపోయాయి. అందుకే ముఖ్యమైనదీ కానిదీ అన్న తేడా రంగుతో కాక సైజుతో, ఖాళీతో చూపించాం. అక్క ‘ఇది స్లైడ్‌లో లేదేంటి మరి’ అంది. ఎండలో తీసిన రెండు ఫోన్ల ఫొటో ఉంది, రేపు పెడతాను.

రెండో దెబ్బ గట్టిది. ‘ఫలితం ఏంటి? మేత ఎంత ఆదా అయింది?’

దీనికి శాతం చెప్పాలని ఎవరికైనా నోరు దురద పెడుతుంది. ఒక పంటకాలం, కొద్దిమంది రైతుల చెరువుల్లో వాడారు. యాప్ లేని చెరువులు పక్కన పెట్టుకుని పోల్చలేదు. ఆ కాలంలో రొయ్యపిల్ల నాణ్యత వేరు, వాతావరణం వేరు, రేటు వేరు. మేత తగ్గితే అది మా వల్లే అని చెప్పడానికి ఆధారం లేదు. మేం చూసింది ఇంకోటి: ఎంట్రీ ఏ టైంకి పడింది. మేత వేసిన రెండు మూడు గంటల్లో ట్రే కబురు పడితే యాప్ గట్టు మీద వాడుతున్నట్టు. నాలుగు పూటలవీ రాత్రి ఎనిమిదింటికి వరసగా పడితే, కాగితం డైరీయే ఫోన్లోకి వచ్చినట్టు. రెండు రకాలూ కనిపించాయి. ఒక చెరువులో అయితే పంట పొడవునా రాత్రి ఎనిమిదే. అక్కడ కుర్రాడి దగ్గర ఫోన్ లేదు, రైతు ఇంటికొచ్చి తనే కొట్టేవాడు.

‘ఆ ఎనిమిదింటి చెరువు చూపించు’ అంది అక్క. ‘బాగా వాడినవి మాత్రమే చూపిస్తే నాకు అనుమానమొస్తుంది.’

రికార్డింగ్ పెట్టుకుని మళ్లీ విన్నాను. ప్రశ్న సగంలో ఉండగానే నేను ‘అంటే అక్కా’ అని అందుకుంటున్నాను. పేపరూ పెన్నూ పక్కన పెట్టుకుని ప్రశ్నలో ఒక మాట రాసుకుని అప్పుడు నోరు తెరవాలి. రాసే ఆ రెండు సెకన్లూ అవతలివాళ్లు ఇంకో వాక్యం అంటారు, తరచుగా అసలు సంగతి అందులోనే ఉంటుంది.

ఆదివారం

కాళ్ల ఊరి దగ్గర బాబాయ్ వాళ్ల చెరువు మీదికెళ్లాను. ఆయనకి యాప్ అక్కర్లేదు, అన్నీ బుర్రలోనే. స్లైడ్లు చూపిస్తే నిర్ణయాల జోలికే పోలేదు. ఒక స్క్రీన్ దగ్గర ఆగి, ‘ఏమ్మా, అరవై రోజుల చెరువుకి రోజుకి ఐదు కేజీల మేతేంటి? ఉపవాసం పెడుతున్నారా?’ అన్నాడు.

అవి టెస్టింగ్ కోసం డెవలపర్ నింపిన నమూనా అంకెలు. ఎవరూ పట్టించుకోరనిపిస్తుంది గానీ, ప్యానెల్లో ఎవరింట్లోనో చెరువుంటే? మన జిల్లాలవాళ్లు హైదరాబాద్‌లో తక్కువమందేం కాదు. బాబాయ్ పక్కన కూర్చుని లెక్క కట్టాను. లక్ష పిల్ల వేశారు, 80 శాతం బతికింది అనుకుందాం, అంటే 80,000 రొయ్యలు. అరవై రోజులకి వంద కౌంట్, అంటే కేజీకి వంద, ఒక్కోటి 10 గ్రాములు. మొత్తం 800 కేజీల రొయ్య. ఈ సైజులో రోజుకి బరువులో సుమారు 3 శాతం మేత వేసుకున్నా 24 కేజీలు. నాలుగు పూటలకి తలా ఆరు. బాబాయ్ ‘ఆఁ, ఇది చెరువు’ అన్నాడు. ఇంటికొచ్చి ప్రతి స్క్రీన్లో అంకెలు దీనికి తగ్గట్టు మార్చాను. ‘చెరువు 1, చెరువు 2’ తీసేసి ‘రోడ్డు చెరువు’, ‘గుడి చెరువు’ పెట్టాను. అసలు యాప్‌లో పేర్లు అలాగే ఉన్నాయి, నమూనాలోనే లేవు.

గురువారం

అయింది. నలుగురు: ఇద్దరు డిజైనర్లు, ఒక ప్రొడక్ట్ మేనేజర్, ఒక ఇంజనీర్. డైరీ పేజీ ఫొటో దగ్గర ఇంజనీర్ తనే ‘ఇది ఒకేసారి రాసినట్టుంది కదా’ అన్నాడు. నేను అనాల్సిన మాట ఆయనే అనేశాడు, దాంతో రెండు నిమిషాలు కలిసొచ్చాయి. ఏరియేటర్ హోరుకి నవ్వారు. వాయిస్ గురించి ఒక్క ప్రశ్న రాలేదు.

తెర ఆకుపచ్చ పాతగా ఉందని ఒక డిజైనర్ అన్నాడు. ఆ రంగు డీలర్‌గారి దుకాణం బోర్డుది, మార్చే వీలు లేదు, వీలున్నా ముందు మార్చేది అది కాదు అని చెప్పి వదిలేశాను. దాని మీద వాదించి ఏం లాభం.

అసలు ప్రశ్న ప్రొడక్ట్ మేనేజర్ నుంచి వచ్చింది. ‘కుర్రాడు ట్రే ఫొటో తీసి వాట్సాప్‌లో రైతుకి పంపితే సరిపోదా? యాప్ ఎందుకు?’

రాసుకున్నాను: వాట్సాప్, ఫొటో. ఆవిడ ఇంకో వాక్యం అంది: ‘ఎనిమిదింటి చెరువులో మీ యాప్ కంటే అదే నయం కదా.’

‘ఒకటి రెండు చెరువులున్న రైతుకి మీరన్నది నిజం, వాట్సాప్ చాలు’ అన్నాను. ఆ ఎనిమిదింటి చెరువుకి అదీ పనికిరాదు, గట్టు మీద ఫోనే లేదు కాబట్టి. తేడా వచ్చేది చెరువులు పెరిగినప్పుడు. ఐదు చెరువులు, నాలుగు పూటలంటే రోజుకి ఇరవై ఫొటోలు. ఏ ఫొటో ఏ చెరువుదో, నిన్న ఇదే పూటకి ఎంత మిగిలిందో వెనక్కి జరిపి వెతుక్కోవాలి. యాప్‌లో అది ఒకే వరసలో కనపడుతుంది. ‘అయితే ఒక్క చెరువు రైతుని ఎందుకు చేర్చారు?’ అంది వెంటనే. డీలర్ ఖాతాదారులందరికీ ఒకే యాప్ ఇవ్వాలనుకున్నాడు కాబట్టి అని చెప్పాను. మళ్లీ మొదలుపెడితే ఎక్కువ చెరువులవాళ్లతోనే మొదలుపెడతానని, ఫొటో జోడించే వీలు పెడతానని కూడా చెప్పాను. కుర్రాడు ‘కొంచెం’ అన్నది రైతు దృష్టిలో ‘చాలా’ కావొచ్చు, దాన్ని తేల్చేది ఫొటోనే. ఆవిడ తల ఊపి ఏదో రాసుకుంది. నచ్చిందో లేదో తెలీదు.

పెట్టెకి ఐదు నిమిషాలే మిగిలాయి. నెయ్యి మరక, జీఐ చోటు చెప్పి ఆపేశాను. ‘నిజం పెట్టె ఫొటో లేదా?’ అని అడిగారు. నా దగ్గరున్నవన్నీ కంప్యూటర్లో చేసిన బొమ్మలు. ఫలితం వచ్చే వారం చెప్తారట. శనివారం ఆత్రేయపురం వెళ్తున్నాను. మరక పడ్డ పాత పెట్టె ఒకటి దుకాణంలో ఇంకా ఉందట, దాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, ఎండలోనే, ఫోన్‌తోనే ఫొటో తీయాలి.